డ్యూటీ ఫ్రీ సీసా ఇల్లు చేరాలంటే

విదేశాల నుంచి వచ్చే ప్రయాణికుడు ఒక్కొక్కరు మద్యం, వైన్ అన్నీ కలిపి 2 లీటర్ల వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. డ్యూటీ ఫ్రీ షాపులో ఎంపిక ఈ లెక్కతోనే మొదలవ్వాలి. లీటరు సీసాలు రెండైతే సరిగ్గా సరిపోతాయి. 700 మిల్లీలీటర్లవి మూడు తీసుకుంటే 2.1 లీటర్లవుతుంది. ఆ కాస్త ఎక్కువకు కూడా రెడ్ చానెల్లో చెప్పి సుంకం కట్టాలి.

ఇక ఏది కొనాలి? శంషాబాద్‌లో దిగాక కూడా డ్యూటీ ఫ్రీ షాపు ఉంది. అక్కడ దొరికే మామూలు బ్రాండ్లను అంత దూరం నుంచి మోసుకురావడం దండగ. మన దగ్గర కనబడనిదే తేవాలి. అట్టపెట్టె మీద ‘ట్రావెల్ ఎక్స్‌క్లూజివ్’ అని ఉన్నంత మాత్రాన అది మేలైన సరుకని కాదు, అది ఆ షాపుల్లోనే అమ్ముతారని మాత్రమే. విస్కీ అయితే లేబుల్ మీద ఎన్నేళ్లు పీపాలో ఉంచారో, ఆల్కహాల్ ఎంత శాతమో చూడండి. 70 శాతం దాటినవి విమానంలోకి అసలు రానివ్వరు.

కొన్నాక షాపువాళ్లు సీసాను పారదర్శకమైన సంచిలో పెట్టి, రసీదు బయటికి కనబడేలా సీలు వేసి ఇస్తారు. మధ్యలో విమానం మారేవాళ్లు ఆ సీలు తీయకూడదు. తీస్తే, 100 మిల్లీలీటర్లు మించిన ద్రవం కాబట్టి తర్వాతి తనిఖీలో వదులుకోవాల్సి రావచ్చు.

చిక్కంతా ఆఖరి మజిలీలో వస్తుంది. సింగపూర్ నుంచి హైదరాబాద్ వచ్చి, అక్కణ్నుంచి రాజమండ్రి వెళ్లాలనుకుందాం. హైదరాబాద్‌లో సూట్‌కేసు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ చెక్-ఇన్ చేస్తాం. దేశీయ విమానం సెక్యూరిటీ దగ్గర చేతిసంచిలోని సీసాను ఆపేస్తే వాదించి లాభం లేదు. ఆ చెక్-ఇన్‌కు ముందే దాన్ని సూట్‌కేసులో సర్దేయడం మేలు. అందుకే బయల్దేరేటప్పుడే బబుల్ రాప్, టేపు, రెండు మందపాటి జిప్ కవర్లు పెట్టుకోవాలి.

సర్దేటప్పుడు మొదట మూత చుట్టూ వంటింట్లో వాడే క్లింగ్ ఫిల్మ్ బిగించి టేపు వేయండి. కార్కు మూతలు కారేది అక్కడే. సీసాకు బబుల్ రాప్ చుట్టేటప్పుడు మెడ దగ్గర, అడుగున మరో రెండు చుట్లు వేయండి. పగులు ఎక్కువగా వచ్చే చోట్లు అవే. తర్వాత జిప్ కవర్లో పెట్టి గాలి తీసేయాలి. కారినా బట్టలు తడవవు. కంపెనీ ఇచ్చిన గొట్టంలాంటి డబ్బాను నమ్ముకోవద్దు. లోపల సీసా కదులుతుంటుంది. డబ్బా కూడా కావాలంటే ఖాళీల్లో కాగితం కుక్కండి.

సూట్‌కేసులో సీసా చోటు నడిమధ్యన, చుట్టూ అరచేతి మందాన బట్టలు ఉండాలి. చక్రాల వైపు, మూలల్లో వద్దు. రెండు సీసాలుంటే మధ్యలో జీన్స్ ప్యాంటు మడతేసి పెట్టండి. మూసేశాక పెట్టెను పైకెత్తి ఊపండి. లోపల ఏ మాత్రం కదిలినట్టనిపించినా విప్పి మళ్లీ సర్దాలి. ఇల్లు చేరాక విస్కీని నిలువుగానే ఉంచాలి. పడుకోబెడితే ఘాటు మద్యం కార్కును తినేస్తుంది. కార్కు ఉన్న వైన్‌ను మాత్రం చల్లటి చోట పడుకోబెట్టాలి.