కాల్ ఖరీదు ఎందుకు పెరిగింది?

హైదరాబాద్‌లో ఒక ఫర్నిచర్ దుకాణం ఉందనుకుందాం. డెలివరీ నగరం లోపలే. గూగుల్ ప్రకటనలకు రోజుకు రూ.2,000 పెడితే 100 క్లిక్కులు, 20 ఫోన్ కాల్స్ వచ్చేవి. అంటే కాల్‌కు వంద రూపాయలు. ఒక వారం ఉన్నట్టుండి లెక్క తప్పింది. ఖర్చు రూ.3,000కు, క్లిక్కులు 150కి పెరిగాయి. కాల్స్ మాత్రం 20 దగ్గరే ఉండిపోయాయి. కాల్ ఖరీదు రూ.150 అయింది.

పోటీ పెరిగిందని యజమాని అంటాడు. సీజన్ బాగాలేదని ప్రకటనలు చూసే ఏజెన్సీ అంటుంది.

వాదన పెట్టుకునే ముందు చూడాల్సింది గూగుల్ యాడ్స్ ఖాతాలోని 'చేంజ్ హిస్టరీ'. గత రెండేళ్లలో ఖాతాలో ఏ మార్పు ఎప్పుడు, ఎవరి లాగిన్ నుంచి జరిగిందో అందులో నమోదై ఉంటుంది. గూగుల్ సిఫార్సులు వాటంతటవే అమలయ్యేలా ఎవరైనా అనుమతించి ఉంటే, ఆ మార్పులూ అక్కడే కనిపిస్తాయి.

మన దుకాణం ఖాతాలో 8వ తేదీన రెండు మార్పులు దొరికాయి. ఉదయం బడ్జెట్ రూ.2,000 నుంచి 3,000కు పెరిగింది. సాయంత్రం లొకేషన్ సెట్టింగ్ మారింది. అప్పటిదాకా ప్రకటన హైదరాబాద్‌లో ఉన్నవారికే కనిపించేది. ఇప్పుడు ఆ ఊరిపై ఆసక్తి చూపినవారికి, వాళ్లెక్కడున్నా సరే, కనిపిస్తోంది.

రెండూ ఒకే రోజు జరిగాయి కాబట్టి తేదీ ఒక్కటే దోషిని తేల్చదు. ఒక్కో మార్పు ఒక్కో చోట జాడ వదులుతుంది. బిడ్ పెంచితే సాధారణంగా క్లిక్ ధర పెరుగుతుంది. ఇక్కడ ముందూ తర్వాతా అది రూ.20 మాత్రమే, చరిత్రలో బిడ్ మార్పు కూడా లేదు. బడ్జెట్ పెంచితే క్లిక్కులు పెరగొచ్చు గానీ, వచ్చేది అదే తరహా జనమైతే కాల్స్ కూడా పెరగాలి. టార్గెటింగ్ మారితే వచ్చే జనమే మారతారు. అందుకే లొకేషన్ రిపోర్టు తెరవాలి. నగరం నుంచి 100 క్లిక్కులు, 19 కాల్స్. బయటి నుంచి 50 క్లిక్కులు, ఒక్క కాల్. అదనంగా పెట్టిన వెయ్యి రూపాయలు సరుకు చేరని ఊళ్లకు పోయాయి.

పోల్చేటప్పుడు సోమవారాన్ని సోమవారంతోనే చూడాలి. నిన్నటి క్లిక్కుకు రేపు కాల్ రావచ్చు కనుక చివరి రెండు మూడు రోజుల అంకెలను నమ్మకూడదు. ఆటోమేటిక్ బిడ్డింగ్ వాడితే, ప్రతి వేలంలో గూగుల్ వేసే బిడ్లు ఈ చరిత్రలో ఉండవు. పోటీదారు ఎత్తుగడ, పండుగ రద్దీ, పనిచేయని వెబ్‌సైట్ ఫారం కూడా ఇందులో కనిపించవు. మార్పేదీ లేకుండానే ఫలితం పడిపోతే కారణాన్ని బయట వెతకాలి.

ఈ దుకాణం ముందు లొకేషన్ సెట్టింగ్ ఒక్కదాన్నే పాత స్థితికి తేవాలి. బడ్జెట్‌ను రూ.3,000 దగ్గరే ఉంచి మరో వారం చూస్తే, నగరంలో అంత ఖర్చుకు తగిన గిరాకీ ఉందో లేదో విడిగా తేలుతుంది.