అరవై పైసల వడ్డీ

“వడ్డీ ఎంత ఇమ్మంటావురా?” అని తీసుకునేవాడు అడుగుతాడు. “మన మధ్య వడ్డీ ఏంట్రా, నీ ఇష్టం” అని ఇచ్చేవాడు అంటాడు. ఇద్దరూ మర్యాదకే మాట్లాడారు కానీ ఎవరి లెక్క వారి మనసులో ఉంది. ఊళ్లో రెండు రూపాయలు నడుస్తోంది కదా, వీడు కనీసం రూపాయి ఇవ్వకపోతాడా అని ఒకరు అనుకుంటారు. వడ్డీ వద్దన్నాడు కదా, అసలు ఇస్తే చాలని రెండోవారు అనుకుంటారు. రెండేళ్ల తర్వాత పేచీ వచ్చేది ఇక్కడే. డబ్బు చేతులు మారకముందే ఒక అంకె అనుకుంటే ఆ పేచీ ఉండదు. అంకెను ఊళ్లో నడిచే రేటు నుంచి తీసుకోవాలా, ఇంకెక్కడి నుంచైనా తీసుకోవాలా అన్నదే ప్రశ్న.

ముందు కొలత సరిచూసుకుందాం. మన దగ్గర చేబదుళ్ల వడ్డీని రూపాయల్లో చెబుతారు, బ్యాంకు శాతాల్లో చెబుతుంది. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24 శాతం. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద బ్యాంకు ఇచ్చే 6.5 శాతాన్ని ఊరి లెక్కలోకి మారిస్తే నూటికి నెలకు 54 పైసలు. ‘స్నేహితుడు కాబట్టి రూపాయికే ఇచ్చాను’ అనేవారు బ్యాంకు తమకిచ్చేదానికి దాదాపు రెట్టింపు తీసుకుంటున్నారు. అది తప్పని అనను. కానీ దాన్ని సాయం అని చెప్పుకోవడం మాత్రం కుదరదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక స్కూలు టీచరు దగ్గర 3 లక్షలున్నాయి. ఆయన స్నేహితుడు కిరాణా కొట్టు పెంచుకోవడానికి రెండేళ్లకు ఆ మొత్తం అడిగాడు. డబ్బు స్నేహితుడికి ఇవ్వకపోతే టీచరు ఏం చేసేవాడు? 6.5 శాతానికి డిపాజిట్ చేసేవాడు అనుకుందాం. బ్యాంకు మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలుపుతుంది కాబట్టి రెండేళ్లకు చేతికి సుమారు 3,41,300 వస్తుంది. అంటే టీచరు వదులుకుంటున్నది 41,300 రూపాయలు. స్నేహితుడు వడ్డీని రెండేళ్ల చివర ఒకేసారి ఇస్తానంటే, ఇదే మొత్తం రావడానికి బారువడ్డీ లెక్కన నూటికి 57 పైసలకు కాస్త పైన పడుతుంది. నెలనెలా కట్టేస్తానంటే 54 పైసలు చాలు, ఎందుకంటే డబ్బు ముందే చేతికొస్తుంది. టీచరు నష్టపోకుండా ఉండే కనీస రేటు ఇదీ.

ఇక్కడ ఇచ్చేవారు నిజాయితీగా వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ డబ్బు నిజంగా డిపాజిట్‌లోకే వెళ్లేదా? చాలామంది డబ్బు సేవింగ్స్ ఖాతాలో ఊరికే పడి ఉంటుంది. స్టేట్ బ్యాంకు 2025 జూన్ నుంచి సేవింగ్స్ మీద ఇస్తున్నది 2.5 శాతమే. ఏడాదిగా కదలని డబ్బును స్నేహితుడు అడగ్గానే, డిపాజిట్ వేస్తే ఇంతొచ్చేదంటూ లెక్క చెప్పడం కొంచెం గడుసుతనమే. ఇక ఉన్న డిపాజిట్‌ను మధ్యలో రద్దు చేసి ఇస్తున్నారనుకోండి, అప్పుడు లెక్క పైకి వెళ్తుంది. బ్యాంకు ముందు ఒప్పుకున్న రేటు ఇవ్వదు. డబ్బు ఎన్నాళ్లుందో అన్నాళ్లకు వర్తించే రేటు తీసుకుని, అందులోంచి అర శాతమో శాతమో కోత వేస్తుంది. ఆ కోతను స్నేహితుడు భరించడమే న్యాయం. డిపాజిట్‌ను కదపకుండా దాని మీద లోను తీసుకుని ఇచ్చే దారి కూడా ఉంది. దానికి బ్యాంకులు మామూలుగా డిపాజిట్ రేటు మీద శాతం అటూ ఇటూ అదనంగా తీసుకుంటాయి. మన టీచరు అలా చేస్తే ఆయనకు పడే ఖర్చు 7.5 శాతం, అంటే 62 పైసలు దాటుతుంది. స్నేహితుడు ఆ మేరకు ఇచ్చుకోవాలి.

ఇప్పుడు ధరల పెరుగుదల సంగతి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. డిపాజిట్ వడ్డీ ఆరున్నర, ధరలు పెరిగేది నాలుగున్నర, రెండూ కలిపితే పదకొండు, కాబట్టి రూపాయి వడ్డీ న్యాయమేనని లెక్క వేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ ఒకే ఖర్చును రెండుసార్లు వసూలు చేసినట్టు. బ్యాంకు ఇచ్చే ఆరున్నరలోనే ధరల పెరుగుదలకు పరిహారం ఉంది. డబ్బు విలువ కరిగిపోతుందని తెలుసు కాబట్టే డిపాజిటర్లు ఆ రేటు లేకుండా డబ్బు పెట్టరు. కాబట్టి ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలే తప్ప కలపకూడదు.

పక్కపక్కన పెడితే ఏం తెలుస్తుంది? ధరలు ఏడాదికి 4.5 శాతం పెరిగితే, ఇవాళ 3 లక్షలకు వచ్చే సరుకు రెండేళ్ల తర్వాత కొనడానికి 3,27,600 కావాలి. అంటే స్నేహితుడు వడ్డీ లేకుండా 3 లక్షలు తిరిగి ఇస్తే, టీచరు తన జేబులోంచి 27,600 బహుమతిగా ఇచ్చినట్టే. ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు, కాకపోతే ఎంత ఇస్తున్నాడో తెలిసి ఇవ్వాలి. అలాగే డిపాజిట్ మీద వచ్చే 41,300 అంతా లాభం కాదు. అందులో 27,600 డబ్బు విలువను నిలబెట్టడానికే పోతుంది. టీచరు 20 శాతం పన్ను శ్లాబులో ఉంటే వడ్డీ మీద మరో 8,260 పన్నుకు పోతుంది. రెండేళ్లు ఆగినందుకు నికరంగా మిగిలేది ఐదు వేల చిల్లర. స్నేహితుడిచ్చే వడ్డీ కూడా పన్ను పడే ఆదాయమే, రిటర్నులో చూపించాల్సిందే. రెండింటికీ పన్ను ఉంది కాబట్టి, పన్నుకు ముందు రేట్లనే పోల్చుకుంటే సరిపోతుంది.

ఈ రెండు అంకెలూ ఎప్పుడూ ఇదే వరుసలో ఉండవు. 2020-21లో రిటైల్ ద్రవ్యోల్బణం సగటున 6.2 శాతం ఉంటే స్టేట్ బ్యాంకు ఏడాది డిపాజిట్ మీద ఇచ్చింది 5 శాతానికి అటూ ఇటూ. డిపాజిట్ చేసినవారందరూ విలువలో నష్టపోయారు. అప్పుడు స్నేహితుడి దగ్గర 6.2 తీసుకోవాలా, 5 తీసుకోవాలా? నా లెక్కలో ఐదే. డబ్బు బ్యాంకులో ఉన్నా ఆ నష్టం తప్పేది కాదు కదా, దాన్ని స్నేహితుడి నెత్తిన రుద్దడం దేనికి? దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితి 2025 అక్టోబరులో వచ్చింది. కూరగాయలు, పప్పుల ధరలు తగ్గడంతో ద్రవ్యోల్బణం 0.25 శాతానికి పడిపోయింది. ‘ధరలే పెరగడం లేదు, ఆరు శాతం ఎందుకు?’ అని తీసుకునేవారు అడగొచ్చు. కానీ ఆ అంకె గడిచిన ఏడాదిది. అప్పు రాబోయే రెండేళ్లది. ఒక నెల అంకెను పట్టుకోకుండా, రిజర్వ్ బ్యాంకు లక్ష్యంగా పెట్టుకున్న 4 శాతాన్నో, నాలుగైదేళ్ల సగటునో చూసుకోవడం మేలు.

కింది హద్దు తెలిసింది. పై హద్దు స్నేహితుడి వైపు నుంచి వస్తుంది. మన దగ్గర దొరక్కపోతే అతను ఎక్కడ తెచ్చుకునేవాడు? బంగారం ఉంటే గోల్డ్ లోను, జీతం ఉంటే పర్సనల్ లోను, ఏదీ లేకపోతే రెండు రూపాయల వడ్డీ. మనం అడిగే రేటు అతనికి బ్యాంకులో పడేదానికంటే ఎక్కువైతే, అతన్ని బ్యాంకుకే వెళ్లమనడం మంచి స్నేహం. మన టీచరుకు న్యాయమైన అంకె 57 పైసల నుంచి రూపాయి లోపు ఎక్కడో ఉంది. నన్నడిగితే 60 పైసలు అంటాను. ఏడాదికి 7.2 శాతం. డిపాజిట్ కంటే పిసరంత ఎక్కువ, లెక్క కూడా సులువు. 3 లక్షలకు నెలకు 1,800 రూపాయలు.

వాయిదాల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త పడాలి. స్నేహితుడు అసలును కూడా నెలకు 12,500 చొప్పున 24 నెలల్లో తీర్చేస్తానన్నాడు. అప్పుడు వడ్డీ మిగిలిన బాకీ మీదే పడాలి. మొదటి నెల 1,800, రెండో నెల 1,725, అలా నెలకు 75 రూపాయలు తగ్గుతూ చివరి నెలకు 75 దగ్గర ఆగుతుంది. మొత్తం వడ్డీ 22,500. ఫైనాన్సు వాళ్ల పద్ధతిలో, తీరిపోయిన అసలు మీద కూడా వడ్డీ వేస్తే ఇదే 43,200 అవుతుంది. రూపాయి వడ్డీని ఆ పద్ధతిలో వేసి వాయిదాల్లో వసూలు చేస్తే అసలు రేటు 12 కాదు, ఏడాదికి 21 శాతం దాటిపోతుంది. ఇచ్చేవారికే తెలియకుండా స్నేహితుణ్ని పిండేసే దారి ఇది. అందుకే ఎంత శాతమన్నదాంతో పాటు, దేని మీద శాతమన్నది కూడా ముందే మాట్లాడుకోవాలి.

బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల వరకు బీమా ఉంది, స్నేహితుడికి లేదు, ఆ రిస్కుకు అదనంగా తీసుకోవద్దా అని కొందరంటారు. తీసుకోవచ్చు గానీ దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. 3 లక్షల మీద రెండేళ్లకు 60 పైసలకూ రూపాయికీ తేడా 28,800. డబ్బు మునిగితే పోయేది 3 లక్షలు. భయమున్నచోట పెంచాల్సింది వడ్డీ కాదు, తగ్గించాల్సింది ఇచ్చే మొత్తం. లక్ష పోయినా తట్టుకోగలననుకుంటే లక్షే ఇవ్వాలి.

అంకె కుదిరాక కాగితం. 20 వేలు, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నవారికి ఆ మొత్తానికి సమానంగా జరిమానా పడొచ్చు, కాబట్టి ఖాతా నుంచి ఖాతాకే పంపాలి. ప్రామిసరీ నోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద సంతకం తీసుకోవాలి. వడ్డీని ‘నెలకు నూటికి 60 పైసలు’ అని, పక్కనే ‘ఏడాదికి 7.2 శాతం’ అని రాయించాలి. అడగ్గానే ఇవ్వాల్సిన మామూలు నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. ఆలోగా కొంత కట్టి, నోటు వెనుక తీసుకున్నవారే చెల్లు రాసి సంతకం పెడితే ఆ చెల్లు తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. అదీ లేకుండా గడువు దాటిపోతే ఆ నోటు మీద కోర్టులో దావా నిలవదు.