పెరుగు కప్పు మీద, డోనట్ డబ్బా మీద ఏ స్పెల్లింగు వేయాలి?

ఒకే పదార్థానికి ఇంగ్లీషులో yogurt అనీ yoghurt అనీ రెండు రాతలున్నాయి. డోనట్‌కి కూడా doughnut, donut అని రెండున్నాయి. నాలుగూ నిఘంటువులకెక్కినవే, ఏదీ తప్పు కాదు. అయినా లేబుల్ మీదో మెనూ కార్డు మీదో అచ్చు వేసేటప్పుడు ఒకటే ఎంచుకోవాలి. ఆ ఎంపిక ఇష్టాయిష్టాలను బట్టి కాక, సరుకు ఏ దేశంలో అమ్ముతున్నారు, అక్కడి నిబంధనలో ఆ పేరు ఎలా రాసి ఉంది అన్నదాన్ని బట్టి జరగాలి.

యోగర్ట్ టర్కీ నుంచి వచ్చిన మాట. ఒకప్పుడు టర్కిష్ భాషను అరబ్బీ లిపిలో రాసేవారు. ఈ మాట మధ్యలో గొంతు లోపలి నుంచి పలికే ఒక హల్లు ఉండేది. దాన్ని తమ లిపిలోకి తెచ్చుకోవడానికి యూరప్ రచయితలు gh వాడారు. 1928లో టర్కీ లాటిన్ లిపికి మారినప్పుడు ఆ హల్లుకి, g మీద చిన్న వంపు గీత పెట్టి, ğ అనే అక్షరం ఏర్పడింది. నేటి టర్కిష్‌లో అది దాదాపు వినపడదు. ఇంగ్లీషులో కూడా ఆ h ఉన్నా లేకపోయినా ఉచ్చారణ మారదు. అందుకే కొందరు దాన్ని ఉంచేశారు, కొందరు తీసేశారు.

తీసేసినవారిలో అమెరికా ముందుంది. అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఈ పదార్థానికి నిర్దేశించిన ప్రమాణంలో పేరు yogurt అనే ఉంది. అమెరికాలో అమ్మే కప్పు మీద అదే వేయడం క్షేమం. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ ఆహార ప్రమాణాల్లో yoghurt ఉంది. బ్రిటన్‌లో రెండూ చెల్లుతాయి. h ఉంటేనే బ్రిటిష్ ఇంగ్లీషు అని చాలామంది అనుకుంటారు గానీ, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువే yogurtను ప్రధాన రూపంగా ఇచ్చి రెండోదాన్ని దాని పక్కన చేర్చింది. పాల ఉత్పత్తులకు అంతర్జాతీయ ప్రమాణాలు రాసే కోడెక్స్ సంస్థ తన పత్రంలో yoghurt అని వాడుతూనే, అమ్మే దేశంలో ఎలా రాస్తారో అలా రాసుకోవచ్చని స్పష్టంగా చెప్పింది.

కెనడాది ముచ్చటైన దారి. అక్కడ సరుకు పేరు ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ ఉండాలి. ఫ్రాన్సులో దీన్ని యవూర్ట్ అంటారు గానీ, కెనడా ఫ్రెంచిలో yogourt అని రాస్తారు. ఇంగ్లీషు చదివేవాళ్లకీ ఆ రూపం అర్థమవుతుంది కాబట్టి, చిన్న కప్పు మీద రెండు మాటలకు బదులు ఆ ఒక్కటే వేసి చోటు మిగుల్చుకునే తయారీదారులు ఉన్నారు. ఆ రాత చూసి అచ్చుతప్పు అనుకోకూడదు.

మన దేశంలో ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల్లో కనిపించేది yoghurt. బజారులో yogurt అని ఉన్న ప్యాకెట్లూ ఉన్నాయి. అయితే ఇక్కడ h కంటే పెద్ద విషయం మరొకటుంది. నిబంధన ప్రకారం పెరుగు వేరు, యోగర్ట్ వేరు. యోగర్ట్ అని పేరు పెట్టాలంటే పాలను స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గారికస్ అనే రెండు సూక్ష్మజీవులతో కలిపి తోడుపెట్టాలి. పెరుగుకి ఆ జంటే ఉండాలన్న షరతు లేదు, హాని చేయని ఏ లాక్టిక్ తోడైనా సరిపోతుంది. మామూలు తోడుతో చేసిన పెరుగుని గొప్పగా కనబడాలని యోగర్ట్ అని అమ్మితే, స్పెల్లింగు ఎంత సరిగ్గా ఉన్నా లేబుల్ తప్పే.

పెరుగు ప్యాకెట్ పేరు మీద 2023 మార్చిలో పెద్ద వివాదమే నడిచింది. దక్షిణాది డెయిరీలు దహీ అన్న మాట ప్రధానంగా వేసి, ప్రాంతీయ పేరును కుండలీకరణాల్లో ఇవ్వాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పింది. తమిళనాడు నుంచి గట్టి అభ్యంతరం రావడంతో ఆ నెలాఖరులోనే మార్చింది. కర్డ్ అని ఇంగ్లీషులో రాసి పక్కన కుండలీకరణాల్లో దహీ, మోసరు, తయిర్, పెరుగు, ఏ ప్రాంతం పేరైనా వేసుకోవచ్చని తేల్చింది. తెలుగు మాటకి ప్యాకెట్ ముందువైపే చోటు దక్కడం మంచి పరిణామం.

మెనూ దగ్గర ఇదే లెక్క తిరగబడుతుంది. హైదరాబాద్ హోటల్లో పెరుగన్నాన్ని కర్డ్ రైస్ అంటే అందరికీ తెలుసు. అమెరికాలో కర్డ్ అంటే చీజ్ చేసేటప్పుడు విరిగిన పాల ముక్కలు గుర్తొస్తాయి, బ్రిటన్‌లో నిమ్మరసం, గుడ్లతో చేసే తీపి గుజ్జు. అందుకే అక్కడి తెలుగువారి హోటళ్లు యోగర్ట్ రైస్ అని రాయడం సబబే. మెనూ మీద పేరు తినేవాడికి అర్థం కావడానికి, ప్రయోగశాల నిర్వచనం కోసం కాదు.

డోనట్ సంగతికి వస్తే, doughnut పాత రూపం. పిండిముద్దకి ఇంగ్లీషులో ఉన్న పేరు అందులో పూర్తిగా కనబడుతుంది. న్యూయార్కులోని డచ్చివాళ్లు కొవ్వులో వేయించుకునే తీపి ఉండల గురించి వాషింగ్టన్ ఇర్వింగ్ 1809 నాటి తన పుస్తకంలో రాసినప్పుడు ఆ మాటే వాడాడు. donut అమెరికాలో తర్వాత పుట్టిన కురచ రూపం. దాన్ని వీధివీధికీ తీసుకెళ్లింది దుకాణాల బోర్డులు. మసాచుసెట్స్‌లోని క్విన్సీలో 1948లో మొదలైన ఓ దుకాణం 1950లో డంకిన్ డోనట్స్ అని పేరు మార్చుకుని, పొట్టి స్పెల్లింగుతో గొలుసు సంస్థగా ఎదిగింది. 1937లో మొదలైన క్రిస్పీ క్రీమ్ మాత్రం నేటికీ పొడుగు రూపాన్నే వాడుతోంది. రెండూ అమెరికావే కాబట్టి, ఒకటి అమెరికన్, ఒకటి బ్రిటిష్ అని సూటిగా విభజించడం కుదరదు. అమెరికాలో రెండూ నడుస్తాయి, అక్కడి పత్రికల శైలి మాత్రం పొడుగు రూపానిదే. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో మామూలు రాత doughnut. అక్కడ పొట్టిది ఎక్కువగా బ్రాండ్ పేర్లలో కనిపిస్తుంది.

బోర్డు మీద, డబ్బా మూత మీద donut అందంగా ఇముడుతుంది. ఐదు అక్షరాలు దూరానికి పెద్దగా కనబడతాయి. అదే డబ్బా వెనక, సరుకు అసలు పేరు రాసేచోట doughnut వేయడం మన దేశంలో మేలు. బ్రాండ్ పేరు యజమాని ఎలా రిజిస్టరు చేయించుకుంటే అలాగే ఉంటుంది, సరుకు పేరు దానితో పోటీపడనక్కర్లేదు.

ఒక ఉదాహరణ తీసుకుంటే, హైదరాబాద్‌లో తయారయ్యే మామిడి రుచి యోగర్ట్ కప్పు ఇక్కడా అమెరికాలోనూ అమ్ముడుపోవాలి. ఇక్కడి కప్పు మీద Mango Flavoured Yoghurt అని వేస్తారు. అమెరికాకి వెళ్లే కప్పు మీద h తీసేస్తే చాలదు, ముందు మాటలోని u కూడా తీసేసి Mango Flavored Yogurt అనాలి. ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే అమెరికా కొనుగోలుదారుకి పేరు అతుకులబొంతలా కనబడుతుంది. కెనడాలో మాత్రం Flavoured పక్కన Yogurt ఉండటం అక్కడి సహజమైన రాతే.

తేడా ఎక్కువగా దొర్లేది కప్పు ముందువైపు కాదు. మూత మీద, పదార్థాల జాబితాలో, బయటి అట్టపెట్టె మీద పాత ఫైలులోని స్పెల్లింగు మిగిలిపోతుంది. ప్రెస్సుకి పంపే ముందు కంప్యూటర్లో రెండు రూపాల్నీ వెతికి చూడటం అలవాటు. కానీ డిజైనర్లు ఫాంటు మారిపోకుండా అక్షరాల్ని గీతలుగా, అంటే కర్వ్స్‌గా మార్చేస్తారు. ఆ తర్వాత అవి బొమ్మలే కాబట్టి వెతుకులాటకి దొరకవు. కాబట్టి వెతకడమేదో కర్వ్స్ చేయకముందే చేసి, చివరి ప్రూఫును కాగితం మీద తీసి, మూత, కప్పు, పెట్టె మూడూ పక్కపక్కన పెట్టుకుని కంటితో చదవాలి.