జతపరచండి: ముందు ఏ జత?

గ్రూప్స్ పరీక్షలో జతపరిచే ప్రశ్న ఒకటి చూద్దాం. ఎ. శ్రీరాంసాగర్, బి. సోమశిల, సి. గొట్టా బ్యారేజీ, డి. జూరాల, నదులు: 1. వంశధార, 2. కృష్ణా, 3. గోదావరి, 4. పెన్నా. ఎ, బి, సి, డి వరుసలో ఆప్షన్లు: 3412, 3142, 2413, 3421.

చాలామంది బాగా తెలిసిన శ్రీరాంసాగర్–గోదావరితో మొదలుపెడతారు. దాంతో పోయేది మూడో ఆప్షన్ ఒక్కటే. గొట్టా వంశధార మీద ఉందని తెలిస్తే రెండూ, నాలుగూ ఒకేసారి పోతాయి. మిగిలిన రెండింట్లోనూ సోమశిలకు పెన్నాయే ఉంది, కాబట్టి దాని గురించి బుర్ర బద్దలు కొట్టుకోవడం దండగ. ఇప్పుడు శ్రీరాంసాగర్ పనికొస్తుంది: గోదావరి, అంటే మొదటి ఆప్షన్. జూరాల సంగతి తెలియకపోయినా ఫర్వాలేదు. అయితే మొదటి జతే తప్పు పట్టుకుంటే సరైన ఆప్షన్‌నే కొట్టేస్తాం.