మార్చి 31 సాయంత్రమే రాసుకోవాల్సిన లెక్కలు

టాక్స్ ఆడిట్ అనగానే చిన్న వ్యాపారులు చాలామంది సెప్టెంబరు గురించే ఆలోచిస్తారు. నివేదిక దాఖలుకు గడువు సెప్టెంబరు 30. అందుకని ఆగస్టు చివర్లో బిల్లుల సంచి పట్టుకుని ఆడిటర్ దగ్గరికి వెళ్తారు. ఆయన అడిగే కాగితాలు రెండు రకాలు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీఎస్టీ రిటర్నులు, 26ఏఎస్, ఏఐఎస్ లాంటివి మొదటి రకం. అవి వేరేచోట భద్రంగా ఉంటాయి, ఎప్పుడు కావాలన్నా తెచ్చుకోవచ్చు. రెండో రకం మన దగ్గరే, ఆ రోజుకారోజు పుట్టాలి. ఏడాది ఆఖరి రోజు సరుకు తూకం, రోజువారీ నగదు పుస్తకం, నగదు తీసుకున్న మనిషి సంతకం అలాంటివి. ఆ రోజు రాయని లెక్కను ఐదారు నెలల తర్వాత ఎంత తెలివైన ఆడిటరైనా సృష్టించలేడు. ఇబ్బందులన్నీ ఈ రెండో రకంలోనే వస్తాయి కాబట్టి వాటి గురించే చెప్పుకుందాం.

ఉదాహరణకు ఒక చిన్న పచ్చిబియ్యం మిల్లు తీసుకుందాం. ఒక్క యజమాని, ఏడాది అమ్మకాలు దాదాపు 4 కోట్లు. అంకెలు నేను వేసుకున్నవే, లెక్కలు పడే తీరు మాత్రం మిల్లుల్లో జరిగేదే.

ముందు అసలు ఆడిట్ అవసరమా అన్న ప్రశ్న. 2026 మార్చి 31తో ముగిసిన ఏడాదికి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం, సెక్షన్ 44ఏబీ వర్తిస్తాయి. ఆ ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం అమల్లోకి రావడంతో తర్వాతి లెక్కలకు సెక్షన్ల నంబర్లు మారతాయి. 44ఏబీ ప్రకారం వ్యాపారంలో టర్నోవరు కోటి దాటితే ఆడిట్ చేయించాలి. అయితే వచ్చిన డబ్బులో నగదు 5 శాతం మించకుండా, ఇచ్చిన డబ్బులోనూ నగదు 5 శాతం మించకుండా ఉంటే ఆ పరిమితి 10 కోట్లు అవుతుంది. మన మిల్లు యజమాని అమ్మకాలన్నీ బ్యాంకు ద్వారానే చేస్తాడు, కాబట్టి తనకు 10 కోట్ల పరిమితే అనుకున్నాడు. కానీ ధాన్యం తెచ్చిన కొందరు రైతులకు నగదుగా 24 లక్షలు, హమాలీలకు 5 లక్షలు ఇచ్చాడు. ఏడాది మొత్తం చెల్లింపులు 3.8 కోట్లు. అందులో 5 శాతం అంటే 19 లక్షలు. నగదు 29 లక్షలకు చేరింది కాబట్టి పరిమితి మళ్లీ కోటికి దిగిపోయింది, ఆడిట్ తప్పనిసరి అయింది. రైతుకు ఇచ్చే నగదు విషయంలో చట్టంలో ఒక మినహాయింపు ఉంది గదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఆ మినహాయింపు ఖర్చును లెక్కలోకి తీసుకోవడానికే పనికొస్తుంది. ఈ 5 శాతం కొలతలో ఆ నగదు కూడా కలుస్తుంది. బేరర్ చెక్కును కూడా ఇక్కడ నగదుగానే లెక్కిస్తారు. ఇదంతా తేలాలంటే నగదు చెల్లింపుల లెక్క నెలనెలా విడిగా ఉండాలి.

ఇక సరుకు సంగతి. సరుకును ఏదో రూపంలోకి మార్చి అమ్మే వ్యాపారికి ఆడిట్ నివేదిక 3సీడీ ఫారంలో ఒక గడి ఉంటుంది. ఏడాది మొదట్లో ముడిసరుకు ఎంత, కొన్నది ఎంత, వాడింది ఎంత, దాని నుంచి వచ్చిన సరుకు ఎంత, పక్క ఉత్పత్తులు ఎంత, ఎంత శాతం దిగుబడి, తరుగు ఎంత అని అడుగుతుంది. రూపాయల్లో కాదు, తూకంలో. మన మిల్లులో ఏప్రిల్ 1న 500 క్వింటాళ్ల ధాన్యం ఉంది. ఏడాదిలో 14,000 క్వింటాళ్లు కొన్నారు. మార్చి 31న 900 క్వింటాళ్లు మిగిలింది. అంటే ఆడించింది 13,600 క్వింటాళ్లు. అందులోంచి బియ్యం 8,160, నూకలు 1,020, తవుడు 952, ఊక 2,856 క్వింటాళ్లు వచ్చాయి. కలిపితే 12,988. మిగతా 612 క్వింటాళ్లు, అంటే నాలుగున్నర శాతం, తేమ ఆరిపోవడం, తాలు, దుమ్ము, రాళ్ల కింద పోయిన తరుగు. ఈ లెక్క చూసి ఎవరూ కనుబొమలు ముడవరు.

అదే మిల్లులో ఊకను వచ్చినవాళ్లకు వచ్చినట్టు నగదుకు అమ్మేసి పుస్తకంలో ఎక్కించలేదనుకోండి. తరుగు ఒక్కసారిగా 3,468 క్వింటాళ్లు, అంటే పాతిక శాతం పైమాటే. ధాన్యంలో అంత తరుగు ఎక్కడా ఉండదని మిల్లు తెలిసిన ఎవరైనా చెబుతారు. క్వింటా ఊక 300 రూపాయలు వేసుకున్నా 8.5 లక్షల అమ్మకం కనిపించడం లేదన్నమాట. దాని పైన ఇంకో అనుమానం పుడుతుంది: ఊకే రాయనివాడు బియ్యం అంతా రాశాడా? ఊకను సొంత డ్రయ్యరులో మండించుకునే మిల్లులయితే రోజుకు ఎంత వాడారో అదీ రాసుకోవాలి. కరెంటు బిల్లు మీద ఉన్న యూనిట్లకూ ఆడించిన క్వింటాళ్లకూ పొంతన కుదరాలి. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడటం పన్ను అధికారులకు కొత్త కాదు.

కాబట్టి మార్చి 31 సాయంత్రం మిల్లు ఆపి లెక్క తీయాలి. నెట్లు నెట్లుగా సంచులు లెక్కపెట్టి, నెట్టుకు రెండు మూడు సంచులు కాటా మీద పెట్టి సగటు తూకం చూసి, రకాలవారీగా ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, లెక్కించిన గుమాస్తా, యజమాని ఇద్దరూ సంతకం చేయాలి. ఆ రోజు ఆఖరి అమ్మకం బిల్లు నంబరు, ఆఖరి కాటా చీటీ నంబరు కూడా అదే కాగితం మీద రాసుకోవాలి. సాయంత్రం లోడై బయల్దేరిన లారీలోని బియ్యం అమ్మకంలో పడిందా, సరుకులో ఉండిపోయిందా అన్నది ఆ నంబర్లే చెబుతాయి. రెండుచోట్లా పడినా, ఎక్కడా పడకపోయినా లాభం లెక్క తారుమారు అవుతుంది.

బ్యాంకులో క్యాష్ క్రెడిట్ ఉన్నవాళ్లు ప్రతి నెలా స్టాకు స్టేట్‌మెంటు ఇస్తారు. మార్చి నెలది ఒక నకలు ఫైల్లో ఉండి తీరాలి. మన మిల్లు పుస్తకంలో 900 క్వింటాళ్లు ఉంటే బ్యాంకుకు 1,600 అని ఇచ్చాడనుకోండి. 700 క్వింటాళ్లు, క్వింటా 2,300 చొప్పున 16 లక్షలకు పైగా తేడా. ఆ సరుకు కొనడానికి డబ్బు ఎక్కడిదని అధికారి అడిగితే జవాబు ఉండదు, దాన్ని లెక్క చూపని పెట్టుబడిగా ఆదాయంలో కలిపే ప్రమాదం ఉంది. కొన్నిసార్లు తేడాకు అమాయకమైన కారణమే ఉంటుంది. ప్రభుత్వం మరపట్టమని ఇచ్చిన ధాన్యమో, రైతు దాచుకున్న ధాన్యమో యార్డులో ఉంటే గుమాస్తా దాన్నీ కలిపి రాసేస్తాడు. ఇతరుల సరుకుకు వేరే రిజిస్టరు, యార్డులో వేరే నెట్టు ఉండాలి. దాన్ని మన సరుకుగా బ్యాంకుకు చూపకూడదు.

నగదు పుస్తకం ఇంకా సున్నితమైనది. సెప్టెంబరులో కూర్చుని జ్ఞాపకం మీద రాస్తే ఏమవుతుందో చూడండి. నవంబరు 12న పొద్దున పెట్టెలో 60 వేలు. నూకల అమ్మకం నగదు 45 వేలు వచ్చింది. ఆరుగురు రైతులకు 2.8 లక్షలు ఇచ్చాడు. బ్యాంకులో 3 లక్షలు తీసినట్టు స్టేట్‌మెంటులో ఉంది గానీ అది నవంబరు 14న. అంటే 12 సాయంత్రానికి పెట్టెలో ఉన్న నగదు మైనస్ లక్షా 75 వేలు! పెట్టెలో లేని డబ్బు ఎవరూ ఇవ్వలేరు. అసలు జరిగింది ఏమిటంటే, ఆ పూట బావమరిది 2 లక్షలు చేబదులు నగదుగా ఇచ్చాడు, రెండు రోజుల తర్వాత తిరిగి ఇచ్చేశాడు. మామూలుగా ఇళ్లలో జరిగేదే. కానీ 20 వేలు, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోకూడదని సెక్షన్ 269ఎస్ఎస్, నగదుగా తీర్చకూడదని 269టీ చెబుతున్నాయి. తీసుకున్నంత మొత్తం జరిమానా, తీర్చినంత మొత్తం మళ్లీ ఇంకో జరిమానా పడవచ్చు. తగిన కారణం రుజువు చేస్తే మినహాయింపు దొరకవచ్చు, అయితే ఆ రుజువు భారం మిల్లు యజమానిదే. అదే 2 లక్షలు యూపీఐలోనో ఆర్‌టీజీఎస్‌లోనో వచ్చి, అదే దారిలో వెళ్లి ఉంటే సమస్యే లేదు. పుస్తకం ఏ రోజుకు ఆ రోజు రాసి, రాత్రి పెట్టెలో డబ్బు లెక్కపెట్టి సరిచూసుకునే అలవాటు ఉన్న మనిషికి ఆ సాయంత్రమే తేడా కనబడుతుంది.

రైతులకు ఇచ్చిన నగదుకు కాగితం ఎలా ఉండాలి? మామూలుగా ఒక మనిషికి ఒక రోజులో 10 వేలు మించి నగదు ఇస్తే ఆ ఖర్చును లెక్కలో ఒప్పుకోరు, లాభంలో కలిపేస్తారు. పంట పండించిన రైతుకే ఆ పంటకు ఇచ్చిన డబ్బుకు నియమం 6డీడీ ప్రకారం మినహాయింపు ఉంది. దళారి దగ్గర కొన్న ధాన్యానికి అది వర్తించదు. కాబట్టి వోచరు మీద ‘ధాన్యం కొనుగోలు, నగదు’ అని రాసి వదిలేస్తే సరిపోదు. రైతు పేరు, ఊరు, పట్టాదారు పాసుపుస్తకం నకలు, కాటా చీటీ నంబరు, తూకం, ధర, సంతకమో వేలిముద్రో ఉండాలి. కౌలురైతు అయితే పాసుపుస్తకం ఆయన పేరు మీద ఉండదు. కౌలు కార్డో, భూమి యజమాని రాసిచ్చిన కాగితమో ఆ రోజే తీసుకోవాలి. ఆరు నెలల తర్వాత ఆ ఊరు వెళ్లి వెతకడం అయ్యే పని కాదు.

లారీ కిరాయిల్లోనూ ఇలాంటి చిన్న కాగితం ఒకటి ఉంది. పదికి మించి లారీలు లేని యజమాని ఆ మాట రాసి, పాన్ నంబరు ఇస్తే కిరాయిలో టీడీఎస్ కోయనక్కర్లేదు. ఆ డిక్లరేషన్ చేతిలో లేకుండా టీడీఎస్ కోయకపోతే కిరాయి ఖర్చులో 30 శాతం లాభంలో కలుస్తుంది. గోనె సంచులు తయారుచేసి ఇచ్చే చిన్న యూనిట్ దగ్గర కొంటే దాని ఉద్యం నంబరు, సరుకు ముట్టిన తేదీ, డబ్బు ఇచ్చిన తేదీ రాసి ఉంచుకోవాలి. రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆ గడువు దాటి మార్చి 31కి కూడా బాకీ ఉండిపోతే, ఆ మొత్తం ఖర్చు ఈ ఏడాది దక్కదు, చెల్లించిన ఏడాది దక్కుతుంది.

అప్పులిచ్చినవాళ్ల దగ్గర మార్చి 31 నాటి బాకీ ఎంత, ఏ తేదీన ఏ దారిలో వచ్చింది, పాన్ నంబరు ఏమిటి అన్నది ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోవాలి. ఈ వివరాలన్నీ 3సీడీలో పేరుపేరునా వెళ్తాయి. ఇవి ఏప్రిల్ మొదటి వారంలో అడగడం మేలు. అప్పటికి ఇచ్చినవాళ్లు తమ రిటర్ను ఇంకా వేసి ఉండరు, మన పుస్తకంలో ఉన్న మొత్తమూ వాళ్ల లెక్కలో ఉన్న మొత్తమూ ఒకటేనా అని ఇద్దరూ కలిసి చూసుకోవడానికి వీలుంటుంది.