ఆర్డరు డాలస్‌లో, పార్సిలు తెనాలిలో

విదేశాల్లో ఉన్న పిల్లలు ఊళ్లోని అమ్మానాన్నలకు ఏదైనా పంపాలంటే, ఇప్పుడు ఇండియా వెళ్లేవాళ్ల సూట్‌కేసులో చోటు అడగనక్కర్లేదు. భారతీయ షాపింగ్ సైటులో ఆర్డరు పెట్టి ఇంటి చిరునామా ఇస్తే, వస్తువు ఇక్కడి గోడౌను నుంచే బయల్దేరుతుంది. కస్టమ్స్ గొడవ ఉండదు. అయితే ఇలాంటి పార్సిళ్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోవడం మామూలే. ఆర్డరు పెట్టింది ఒకరు, అందుకోవాల్సింది ఇంకొకరు. సైటుకేమో ఇద్దరూ ఒక్కటే.

డాలస్‌లో ఉండే కొడుకు తెనాలిలోని తండ్రికి ఫోను కొన్నాడనుకుందాం. సైటు దగ్గర రెండు నంబర్లుంటాయి. ఒకటి ఖాతాలోకి లాగిన్ అయ్యేది, రెండోది చిరునామాతో పాటు ఇచ్చేది. డెలివరీ కుర్రాడి ఫోను వచ్చేది ఈ రెండో నంబరుకే. కొడుకు అలవాటు కొద్దీ అక్కడ కూడా తన అమెరికా నంబరే కొడితే ఏమవుతుంది? ముందున్న +1 తీసేస్తే అమెరికా నంబరుకూ పది అంకెలే. మన దేశంలో మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతాయి. డాలస్ ప్రాంతపు నంబర్లలో 972తో, పక్కనున్న ఫోర్ట్‌వర్త్‌లో 817తో మొదలయ్యేవి ఉన్నాయి. అంటే ఆ నంబరు చూడ్డానికి అచ్చం ఇండియా నంబరులాగే ఉంటుంది. సైటు తప్పు పట్టదు. తెనాలిలో కుర్రాడు ఫోను చేస్తే ఎక్కడో సంబంధం లేని మనిషి ఎత్తుతాడు, లేదా ఆ నంబరే లేదని వినిపిస్తుంది. అందుకే చిరునామాలో తండ్రి నంబరు ఉండాలి. పేరు కూడా తండ్రిదే ఉండాలి. పార్సిలు మీద కొడుకు పేరుంటే, అపార్ట్‌మెంటు వాచ్‌మన్ “ఆ బాబు అమెరికాలో ఉంటాడు” అని నిజమే చెప్పి పంపించేస్తాడు.

నంబరు సరిగ్గా ఉన్నా, ఆ ఫోను మోగాలి కదా. ప్రీపెయిడ్ రీఛార్జి గడువు దాటితే ముందు అవుట్‌గోయింగ్, కొన్నాళ్లకు ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతాయి. ఇంట్లో వైఫై ఉంటే వాట్సాప్ మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తుంది. రోజూ వాట్సాప్‌లో మాట్లాడే కొడుక్కి తండ్రి సిమ్ము ఆగిపోయిందన్న అనుమానమే రాదు. ఆర్డరు పెట్టే ముందు ఒకసారి మామూలు కాల్ చేసి చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, చాలా కంపెనీలు కుర్రాడి సొంత నంబరు కనబడకుండా వేరే నంబరు మీదుగా కాల్ కలుపుతాయి. స్పామ్ కాల్స్‌తో విసిగిపోయిన పెద్దవాళ్లు తెలియని నంబరు ఎత్తరు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. పార్సిలు వచ్చే రోజు ఏ నంబరైనా ఎత్తమని వాళ్లకు ముందే చెప్పాలి.

ఖరీదైన వస్తువులకు ఓటీపీ అడుగుతారు. అది చిరునామాలోని నంబరుకు రావచ్చు, లాగిన్ నంబరుకో ఈమెయిలుకో రావచ్చు. సైటును బట్టి మారుతుంది. లాగిన్ నంబరు డాలస్‌దైతే అసలు ఇబ్బంది గడియారంతో వస్తుంది. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది, చలికాలంలో పదకొండున్నర. తెనాలిలో పగలు 11:30కి కుర్రాడు గుమ్మం ముందు నిలబడితే, వేసవిలో అక్కడ రాత్రి ఒంటిగంట. ఓటీపీ నిద్రపోతున్నవాడి ఫోన్లో ఉంటుంది. దీనికి దారి ఉంది. పార్సిలు డెలివరీకి బయల్దేరిందన్న కబురు సాధారణంగా మన పొద్దున పూటే వస్తుంది. ఎనిమిదిన్నరకు వచ్చిందనుకుంటే డాలస్‌లో రాత్రి పది. పడుకునే ముందు ఆర్డరు పేజీ తెరిచి, ఓటీపీ కనిపిస్తే వాట్సాప్‌లో ఇంటికి పంపేయవచ్చు. తరచూ పంపేవాళ్లకు ఇంకా తేలిక పద్ధతి, తండ్రి నంబరుతోనే ఖాతా తెరిచి అందులోంచి కొనడం.

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని పెద్దవాళ్లకు బ్యాంకులు, టీవీలు, పిల్లలూ కలిసి నూరిపోశారు. ఇప్పుడు చెప్పమంటే తికమకపడతారు. పార్సిలు కళ్లెదుట ఉన్నప్పుడు, ఆ పార్సిలు కోసం వచ్చిన ఓటీపీ గుమ్మం దగ్గర చెప్పడం వరకే సబబు. ఫోన్లో అడిగితే చెప్పకూడదు. కొరియర్ వాళ్లమంటూ *401* కొట్టి తర్వాత ఫలానా నంబరు నొక్కమంటే అది కచ్చితంగా మోసం. అలా కొడితే వాళ్ల కాల్స్ మోసగాడి ఫోనుకు మళ్లిపోతాయి.

ఇక చిరునామా. 1972లో మొదలైన పిన్‌కోడ్‌లో ఆరంకెలు. తెనాలి 522201లో 5 అంటే దక్షిణాదిలోని తెలుగు రాష్ట్రాలు, కర్ణాటక ఉన్న మండలం. 522 గుంటూరు వైపు. చివరి మూడంకెలు పోస్టాఫీసుకు గుర్తు. పార్సిలు ఏ ఊరి కొరియర్ సెంటర్‌కు చేరాలో ప్రధానంగా ఈ కోడే తేలుస్తుంది కాబట్టి, వీధి పేరు ఎంత బాగా రాసినా కోడు తప్పితే లాభం లేదు. పల్లెల్లో ఒకే కోడ్ కింద చాలా ఊళ్లు ఉంటాయి, అందుకని ఊరి పేరు, మండలం విడివిడిగా రాయాలి. సైటు దానంతటదే పాత జిల్లా పేరు చూపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో, తెలంగాణలో 2016లో జిల్లాలు మారినా పిన్‌కోడ్‌లు అలాగే ఉన్నాయి.

వీధిలోకి వచ్చాక దారి చూపేది డోర్ నంబరు కంటే కొండగుర్తే. చాలా ఊళ్లలో పాత నంబరూ కొత్త నంబరూ రెండూ గోడ మీద ఉంటాయి, వరసగా ఉండవు. “వాటర్ ట్యాంకు ఎదురు సందు, రెండో మేడ, ఆకుపచ్చ గేటు” అని రాస్తే కుర్రాడు ఎవర్నీ అడక్కుండా వస్తాడు. గుడి దగ్గర అని మాత్రం రాస్తే చాలదు, ఏ గుడో చెప్పాలి. పదేళ్ల కిందట ఊరొదిలినవాళ్లు జ్ఞాపకం మీద రాసే గుర్తులతో మరో ప్రమాదం ఉంది. ఆ సినిమా హాలు ఇప్పుడు ఫంక్షన్ హాలు అయి ఉండవచ్చు. గుర్తులు ఇంట్లోవాళ్లను అడిగి రాయడం నయం.

మ్యాప్‌లో గుర్తు పెట్టమనే సైట్లలో “ఇప్పుడున్న చోటు” నొక్కకూడదు, అది డాలస్‌ను పట్టుకుంటుంది. అమ్మనో పక్కింటి అబ్బాయినో ఇంటి గుమ్మం దగ్గర నిలబడి వాట్సాప్‌లో లొకేషన్ పంపమని, ఆ చోటుకే మ్యాప్‌లోని గుర్తు జరపాలి.

ఇంత చేసినా తప్పిపోతే, ట్రాకింగ్‌లో కనిపించే మాటే కారణం చెబుతుంది. “అడ్రస్ ఇన్‌కంప్లీట్” అంటే కొండగుర్తు చాలలేదు. “కస్టమర్ నాట్ రీచబుల్” అంటే ఫోను సంగతి చూడాలి. ఎవరూ అడక్కుండానే “కస్టమర్ వాయిదా వేయమన్నారు” అని ఉంటే, ఆ రోజు కుర్రాడు వీధి దాకా రాలేదని అనుమానించవచ్చు. వెంటనే కస్టమర్ కేర్‌కు చెప్పి, ఇంటి నుంచి ఇంకొకరి నంబరు కూడా ఇవ్వడం మంచిది. చాలా కొరియర్ కంపెనీలు రెండు మూడు సార్లు ప్రయత్నించి పార్సిలును పంపినవాళ్లకే తిప్పేస్తాయి. బయల్దేరిన పార్సిలుకు చిరునామా మార్చడం చాలా సైట్లలో కుదరదు. పిన్‌కోడే తప్పని అప్పుడు తెలిస్తే, ఆర్డరు రద్దు చేసి సరైన చిరునామాతో మళ్లీ పెట్టడమే త్వరగా అయ్యే పని.