ఇరవై ఐదు రోజుల్లో పనిదినాలు ఎన్ని?

హైదరాబాద్‌లో ఓ ఆఫీసు అనుకుందాం. 2025 మార్చి 24, సోమవారం పొద్దున పని మొదలైంది. ఏప్రిల్ 17, గురువారం సాయంత్రానికి అప్పగించాలి. క్యాలెండర్‌లో లెక్కేస్తే రెండు చివర్లూ కలుపుకుని ఇరవై ఐదు రోజులు. శని, ఆదివారాలు ఆరు పోతే పందొమ్మిది.

ఇక పండుగలు. గోడమీది సెలవుల జాబితాలో ఈ మధ్యలో ఐదున్నాయి: మార్చి 30 ఉగాది, 31 రంజాన్, ఏప్రిల్ 5 జగ్జీవన్ రామ్ జయంతి, 6 శ్రీరామనవమి, 14 అంబేద్కర్ జయంతి. చాలామంది ఇక్కడే పందొమ్మిదిలోంచి ఐదు తీసేసి పద్నాలుగు అంటారు. ఆ ఏడాది ఉగాది, శ్రీరామనవమి రెండూ ఆదివారమే పడ్డాయి, జగ్జీవన్ రామ్ జయంతి శనివారం. వారాంతం కింద ఒకసారి తీసేసిన రోజుల్నే సెలవు కింద మళ్లీ తీసేశామన్నమాట. నిజంగా తగ్గాల్సినవి రెండే, రంజాన్, అంబేద్కర్ జయంతి. కాబట్టి పనిదినాలు పదిహేడు. ఇంత చిన్న లెక్కలో మూడు రోజులు తప్పిపోయాయి.

ఎక్సెల్‌లో, గూగుల్ షీట్స్‌లో ఈ లెక్కకు ఓ ఫార్ములా ఉంది. A2లో మొదలుపెట్టే తేదీ, B2లో గడువు, H2 నుంచి H7 దాకా సెలవుల తేదీలు రాసుకోవాలి. గడువు దాటాక వచ్చే ఏప్రిల్ 18 గుడ్ ఫ్రైడేని కూడా ఆరో సెలవుగా రాసి ఉంచండి, దాని అవసరం కాసేపట్లో తెలుస్తుంది.

```
=NETWORKDAYS(A2,B2,H2:H7)
```

జవాబు 17. ఆదివారం పడ్డ పండుగని ఇది రెండోసారి తీసెయ్యదు. శనివారం కూడా పనిచేసే ఆఫీసైతే, ఆదివారం ఒక్కటే వారాంతమని 11 అనే అంకెతో చెప్పాలి.

```
=NETWORKDAYS.INTL(A2,B2,11,H2:H7)
```

ఇప్పుడు 19 వస్తుంది, జగ్జీవన్ రామ్ జయంతి శనివారం ఇక్కడ నిజంగానే ఓ పనిదినాన్ని తగ్గిస్తుంది కనుక. రెండో శనివారం సెలవిచ్చే చోట ఏప్రిల్ 12నీ జాబితాలో చేర్చుకోవాలి. ఆ సంగతి ఫార్ములాకు తనంతట తాను తెలియదు.

నేను ఎక్కువమంది తడబడగా చూసింది మాత్రం తేదీని వెతికేటప్పుడు. పదిహేడు పనిదినాల పని ఏ తేదీకి పూర్తవుతుంది అని అడగాలంటే ఫార్ములా వేరు.

```
=WORKDAY(A2,17,H2:H7)
```

ఏప్రిల్ 17 రావాలి కదా? ఏప్రిల్ 21 వస్తుంది. NETWORKDAYS మొదటి రోజునీ చివరి రోజునీ కలుపుకుని లెక్కిస్తుంది. WORKDAY మొదటి రోజుని వదిలేసి, మర్నాటి నుంచి ఒకటి, రెండు అంటుంది. తేడా ఒక్క రోజే. కానీ గడువు మర్నాడు గుడ్ ఫ్రైడే, ఆ వెంటనే శని, ఆదివారాలు కావడంతో ఆ ఒక్క రోజూ సోమవారం దాకా జరిగిపోయింది. గుడ్ ఫ్రైడేని జాబితాలో రాయకపోయి ఉంటే అది ఏప్రిల్ 18 అనేది, ఆఫీసు మూసి ఉండే రోజుకి మనం మాట ఇచ్చేసేవాళ్లం. అందుకే పని అదే రోజు మొదలైతే ఒకటి తగ్గించి 16 ఇవ్వాలి, సెలవుల జాబితా గడువు దాటి ఇంకో రెండు వారాలైనా ఉండాలి.

గడువు నుంచి వెనక్కి లెక్కపెట్టడానికీ ఇదే పనికొస్తుంది. ఏప్రిల్ 17న అప్పగించే ముందు పరీక్షించి చూసుకోవడానికి ఐదు పూర్తి రోజులు కావాలంటే -5 ఇవ్వండి. ఏప్రిల్ 9, బుధవారం వస్తుంది. 9, 10, 11, 15, 16 తేదీలు ఐదు. కళ్లతో క్యాలెండర్ చూసి 'ఓ వారం ముందు' అనుకుని 10న మొదలుపెడితే, అంబేద్కర్ జయంతి సోమవారం అడ్డొచ్చి ఓ రోజు తక్కువ పడుతుంది.

ఇంకొక్క జాగ్రత్త. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో సెట్ అయి ఉంటే, మనం 5/4/2025 అని కొట్టిన జగ్జీవన్ రామ్ జయంతిని అది మే 4గా చదువుతుంది. ఏమీ చెప్పదు. 14/4/2025ని మాత్రం పద్నాలుగో నెల లేదు కాబట్టి తేదీగా తీసుకోక, మామూలు అక్షరాల్లా గడిలో ఎడమవైపుకు నెట్టేస్తుంది. తేదీలైతే మామూలుగా కుడివైపు కూర్చుంటాయి. జాబితాలో సగం కుడికీ సగం ఎడమకీ కనిపిస్తే ఇదే జరిగిందని అర్థం. గడుల ఫార్మాట్ `dd-mmm-yyyy`కి మార్చి చూస్తే నెల పేరు బయటపడుతుంది. శనివారం పనిచేసే ఆఫీసు లెక్కలో ఈ ఒక్క మే 4 పొరపాటుకే 19 కాస్తా 20 అవుతుంది.